సున్నా బైట్ల పెన్‌డ్రైవ్: నాలుగో రాత్రి కూడా సున్నానే

కావలిలో ఈ వారం కరెంటు సరిగ్గానే ఉంది, పెన్‌డ్రైవే లేదు. మేనల్లుడు కారులో పాటల కోసం తెచ్చిన 16 జీబీది. ఫుల్ ఫార్మాట్ సగంలో కదలకుండా నలభై నిమిషాలు నిలబడితే విసుగొచ్చి పీకేశాను. అప్పట్నుంచి సైజు సున్నా.

ఇంట్లో ఉన్న పాత 8 జీబీది RAW అని, అంటే ఫైల్ సిస్టమ్ గుర్తుపట్టలేనని, చూపిస్తే విండోస్‌లోని డిస్క్‌పార్ట్ కమాండ్‌లో `clean` కొట్టి కొత్త పార్టిషన్ పెట్టాను, రెండు నిమిషాల్లో లేచింది. ఇదీ అంతే అనుకున్నా. డిస్క్‌పార్ట్‌లో `list disk` కొడితే:

```
Disk 1    No Media    0 B    0 B
```

`clean` కొడితే "There is no media in the device" అంది. నిజమే చెప్పింది పాపం. క్లీన్ చేసేది పార్టిషన్ సమాచారాన్ని తుడవడమే, తుడవడానికి సెక్టార్లంటూ ఉండాలి కదా. ఇక్కడ పెన్‌డ్రైవ్‌ని నడిపే కంట్రోలర్ చిప్ యూఎస్‌బీకి పలుకుతోంది గానీ వెనకున్న మెమరీ చిప్‌ని చూపించలేకపోతోంది. సైజు సున్నా అయితే `clean` పదిసార్లు కొట్టినా దండగ.

లోపల ఏ కంట్రోలర్ ఉందో చెప్పే చిప్‌జీనియస్‌లో తయారీదారు, మోడల్ నంబర్లుగా VID 090C, PID 1000 వచ్చాయి, అంటే సిలికాన్ మోషన్ కంట్రోలర్. మెమరీ చిప్ గుర్తింపు చెప్పే ఫ్లాష్ ఐడీ గడి మాత్రం ఖాళీ. కంట్రోలర్‌ని ఫ్యాక్టరీలోలా మళ్లీ సిద్ధం చేసే ఆ కంపెనీ ఎంపీటూల్ తెచ్చి (సెట్టింగ్స్ పాస్‌వర్డ్ 320) స్టార్ట్ కొడితే కొన్ని సెకన్లకే ఎర్రగా ఆగింది. మూడు వెర్షన్లు మార్చాను, మూడూ అంతే. ఈ టూల్స్ దొరికే సైట్లంటే నాకు భయం, అందుకే పాత లాప్‌టాప్‌లో నెట్ తీసేసి నడిపా.

మొదట్లో నా అనుమానం ఏ డేటా చిప్‌లో ఎక్కడుందో రాసుకునే మ్యాపింగ్ టేబుల్ మీద. పీకేసినప్పుడు అది చెడి ఉంటుందనుకున్నా. కానీ ఫ్లాష్ ఐడీ చిప్‌లో పుట్టుకతో ఉండేది, మన డేటా ఎంత పాడైనా అది పలకాలి. పలకలేదంటే గొడవ వైర్లలోనో చిప్‌లోనో ఉంది. మూత ఊడదీసి మల్టీమీటర్ పెట్టాను. 48 కాళ్ల చిప్‌లో 12, 13 కాళ్ల మధ్య 3.28 వోల్టులు. అంటే పవర్ అందుతోంది. చిప్‌ని వేలితో నొక్కిపట్టి పెడితే ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఐడీ మెరిసి మాయమైంది!

అప్పుడు తట్టింది: ఫార్మాట్ ఆగినందుకు ఇది పోలేదు, టంకం వదులుతోంది గనకే ఫార్మాట్ ఆగింది. ఆ నలభై నిమిషాలు నేను ఊరికే తిట్టుకున్నా.

"మామా, పాటలు వస్తాయా?" అన్నాడు వాడు. పాటలు ఫార్మాట్‌కి ముందే కాపీ చేసి పెట్టాన్రా అన్నాను.

ఆదివారం ఫ్లక్స్ పూసి హాట్ ఎయిర్‌తో కాళ్లన్నీ మళ్లీ అతికిస్తా. ఐడీ నిలబడితే ఎంపీటూల్ మళ్లీ నడిపి, ఆ పైన హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూతో మొత్తం రాసి చదివి చూడాలి. పనిచేసినా అది పాటలకే, ఫొటోలు మాత్రం పెట్టను.