బోనస్ ఇచ్చాక బైబ్యాక్

నా దగ్గర షేర్లున్న కంపెనీ ఒకటికి ఒకటి బోనస్, అంటే ఉన్న ప్రతి షేరుకూ ఇంకొకటి ఉచితంగా ఇచ్చి, తర్వాత బైబ్యాక్, అంటే తన షేర్లను తానే వెనక్కి కొంటానని ప్రకటించింది. అందరూ బోనస్‌కే సంబరపడ్డారు. నాకు బైబ్యాక్ ధర మీదే టెన్షన్.

తేలికైన అంకెలతో చూద్దాం. ముఖ విలువ 10, షేర్లు లక్ష. మూలధనం 10 లక్షలు, రిజర్వులు 90 లక్షలు. బోనస్‌తో అవి 20, 80 అవుతాయి. మొత్తం అదే కోటి, నగదు కదలదు. షేర్లు రెండు లక్షలవుతాయి కాబట్టి షేరు పుస్తక విలువ మాత్రం 100 నుంచి 50కి దిగుతుంది.

ఇప్పుడు 10,000 షేర్లను 100 చొప్పున వెనక్కి కొంటే 10 లక్షల నగదు నిజంగానే బయటికి పోతుంది. అందులో లక్ష మూలధనం నుంచి, ముఖ విలువకు పైన చెల్లించిన 9 లక్షలు రిజర్వుల నుంచి తగ్గుతాయి. మిగిలేది 90 లక్షలు, 1,90,000 షేర్లు. అంటే షేరుకు సుమారు 47. వ్యాపారం అసలు విలువ షేరుకు 100 దాటితేనే అమ్మకుండా ఉన్నవాళ్లకు లాభం. అంత ఉందని నాకు అనిపించలేదు, బైబ్యాక్‌లో నా షేర్లు ఇచ్చేశాను.