అండర్-14 ఫుట్‌బాల్ మ్యాచ్: మా జట్టు 2, గాజువాక 1

ఆదివారం, ఫిబ్రవరి, రాత్రి.

మధ్యాహ్నం మూడున్నరకి విశాఖ ఎంవీపీ కాలనీ గ్రౌండ్‌లో గాజువాక నుంచి వచ్చిన స్కూల్ జట్టుతో మన అండర్-14 పిల్లలు ఆడారు. హాఫ్‌కి 30 నిమిషాలు. ఫస్ట్ హాఫ్ అయ్యేసరికి 2-0, చివరికి 2-1. గోల్స్ 11వ నిమిషంలో మన 5వ నంబర్, 24వ నిమిషంలో మన 10వ నంబర్ వేశారు. 41వ నిమిషంలో వాళ్ల 9వ నంబర్ ఒకటి వేశాడు. స్కోర్ ఇంతే. కానీ ఈ మూడు గోల్స్‌లో రెండు కార్నర్ల నుంచే వచ్చాయి, ఆ రెండింటి వెనకా సముద్రపు గాలి ఉంది. వచ్చే మ్యాచ్‌కి ముందు పిల్లలు చదువుకోవాలని ఆ సంగతి వివరంగా రాస్తున్నాం.

ముందు టాస్ గురించి. టాస్ గెలిచిన జట్టు తాను ముందు కిక్-ఆఫ్ తీసుకోవచ్చు, లేదా ఫస్ట్ హాఫ్‌లో ఏ గోల్ వైపు ఆడాలో ఎంచుకోవచ్చు. మన కెప్టెన్ గోల్ ఎంచుకుని పడమర వైపుకి దాడి చేశాడు. అది చాలా మంచి నిర్ణయం. ఈ గ్రౌండ్ తూర్పు పడమరలుగా ఉంటుంది. మధ్యాహ్నం గాలి ఆగ్నేయం నుంచి, అంటే సముద్రం వైపు నుంచి ఏటవాలుగా వీస్తుంది. పడమరకి ఆడే జట్టుకి అది వీపున తోస్తుంది. మూడున్నరకి సూర్యుడు ఇంకా ఎత్తులోనే ఉంటాడు కాబట్టి తూర్పు గోల్‌లో నిలబడి పడమర చూసే మన కీపర్ కళ్లలో ఎండ పడలేదు. సెకండ్ హాఫ్‌కి వాళ్ల కీపర్ అదే గోల్‌లోకి వెళ్లాడు. అప్పటికి పొద్దు వాలి, ఎత్తుగా వచ్చిన ప్రతి బంతికీ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. నాలుగున్నర దాటాక గాలి కూడా కొంచెం తగ్గింది. గాలి బలంగా ఉన్నప్పుడు దాన్ని వీపున పెట్టుకుని, తగ్గాక ఎదురెళ్లడం మనకి కలిసొచ్చింది.

అయితే వీపున గాలి ఉన్నంత మాత్రాన ఆట సులువు అయిపోదు. మొదటి పది నిమిషాలు మన మిడ్‌ఫీల్డ్ నుంచి వెళ్లిన పొడుగు పాస్‌లన్నీ ఫార్వర్డ్‌ని దాటి కీపర్ చేతుల్లోకో, గీత బయటికో పోయాయి. "ఏటి సార్ ఈ గాలి, బంతిని లాగేస్తంది" అని మన 7వ నంబర్ పరిగెత్తుతూనే అరిచాడు. వాడు చెప్పింది నిజమే. ఖాళీ స్థలంలోకి వేసే పాస్ రోజూ వేసే బలంతో వేస్తే అంత గాలిలో అందదు. కాలికి, నేల మీద, కాస్త తక్కువ బలంతో ఇవ్వాలి. రెండో గోల్ అలాగే వచ్చింది. 8వ నంబర్ పైకి లేపకుండా వింగర్ కాలికి ఇచ్చాడు, వింగర్ గీత దాకా వెళ్లి వెనక్కి పాస్ ఇచ్చాడు, 10వ నంబర్ కాలి లోపలి వైపుతో నేలబారుగా మూలకి పెట్టాడు. బంతి మోకాలి ఎత్తు దాటలేదు కాబట్టి గాలికి దొరకలేదు.

ఇక కార్నర్లు. పడమర గోల్ మీద దాడి చేసే జట్టుకి ఎడమ కార్నర్ అంటే దక్షిణపు మూల. అక్కడి నుంచి కుడి కాలితో తిప్పి కొడితే బంతి గోల్ వైపుకి వంగుతుంది. ఆగ్నేయపు గాలి కూడా అటే తోస్తుంది. రెండు తోపులూ కలిసి బంతి అనుకున్న దానికంటే చాలా ఎక్కువ లోపలికి వస్తుంది. మన మొదటి కార్నర్‌లో 3వ నంబర్ ఎప్పటిలా చిన్న బాక్స్ అంచుకి గురిపెట్టాడు, బంతి వంగి క్రాస్‌బార్ మీదుగా వెనక్కి పోయింది. 11వ నిమిషంలో అదే మూల నుంచి రెండోది. ఈసారి గురి పెనాల్టీ స్పాట్. గోల్ నుంచి 11 మీటర్ల దూరంలో ఉండే ఆ చుక్క మీదికి వెళ్తుందనుకున్న బంతి, గాలికి లోపలికి జరిగి సరిగ్గా చిన్న బాక్స్ అంచున దిగింది. ముందు దూరంగా వెళ్తోందని వదిలేసిన కీపర్ తర్వాత ఆలస్యంగా బయటికొచ్చాడు. మన స్టాపర్ 5వ నంబర్ సెకండ్ పోస్ట్ దగ్గర తలతో కొట్టాడు. అంటే ఈ గాలిలో కార్నర్ కొట్టేవాడు బంతి పడాల్సిన చోటుకంటే గోల్‌కి అయిదారు మీటర్లు దూరంగా గురిపెట్టాలి. కుడి కార్నర్ నుంచి అలా కాదు. అక్కడ బంతి గాలికి ఎదురు వెళ్లి మధ్యలోనే ఆగినట్టు దిగుతుంది కాబట్టి బలంగా, చదునుగా కొట్టాలి.

సెకండ్ హాఫ్‌లో ఆ పడమర గోల్ మనది, ఆ గాలి వాళ్లది. 41వ నిమిషంలో గోల్ ఎలా పడిందో ఒక్కొక్క అడుగూ రాస్తాం, ఎందుకంటే అందులో కొత్త రూల్ ఒకటి ఉంది. ఒక క్రాస్‌ని మన కీపర్ శుభ్రంగా పట్టుకున్నాడు. అప్పుడతను బాక్స్‌లో తన కుడి వైపు, అంటే దక్షిణం వైపు ఉన్నాడు. మన వాళ్లు అలసిపోయి మెల్లగా పైకి నడుస్తున్నారు. వాళ్లు చోటు సర్దుకునే దాకా ఆగుదామని బంతి చేతిలోనే ఉంచుకున్నాడు. రిఫరీ చెయ్యెత్తి అయిదు వేళ్లు చూపించి ఒక్కొక్కటే ముడవడం మొదలుపెట్టారు. అతని చూపు ముందుకు ఉంది, రిఫరీని చూడలేదు. విజిల్ పడింది, కార్నర్ ఇచ్చారు.

2025 జూలై నుంచి అమల్లోకి వచ్చిన రూల్ ఇది. కీపర్ బంతిని చేతుల్లో పూర్తిగా అదుపులోకి తీసుకున్నాక ఎనిమిది సెకన్లకి మించి ఉంచుకుంటే ఎదుటి జట్టుకి కార్నర్ ఇస్తారు. చివరి అయిదు సెకన్లని రిఫరీ చెయ్యెత్తి లెక్కపెట్టి చూపిస్తారు. అంతకు ముందు ఇది ఆరు సెకన్లు, శిక్ష ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్, దాన్ని ఇచ్చే రిఫరీలు అరుదు. ఇప్పుడు ఇస్తున్నారు. మ్యాచ్ ముందు రిఫరీ ఇద్దరు కెప్టెన్లకీ ఇది అమలవుతుందని చెప్పారు కూడా. ఇందులో చాలామందికి తెలియని ముక్క ఇంకోటి ఉంది. కార్నర్ ఏ మూల నుంచి కొట్టాలో దాడి చేసే జట్టు ఎంచుకోదు. కీపర్ ఆ సమయంలో ఏ మూలకి దగ్గరగా ఉంటే ఆ మూల నుంచే. ఈ రోజు అది గాలి తోసే దక్షిణపు మూల అయింది.

విజిల్ పడగానే మన డిఫెండర్లలో ఇద్దరు అది ఫ్రీ కిక్ అనుకుని రిఫరీ దగ్గరికి వెళ్లారు. ఫస్ట్ పోస్ట్ దగ్గర నిలబడాల్సిన 2వ నంబర్ వాళ్లలో ఒకడు. అతను పరుగున వచ్చేసరికే బంతి గాల్లో ఉంది. పోస్ట్‌కి దగ్గరగా, మూలకి వీపు తిప్పి నిలబడ్డాడు. అలా నిలబడితే వంగి వచ్చే బంతి కనపడేది ఆఖరి క్షణంలోనే. వాళ్ల 9వ నంబర్ అతని ముందు నుంచి దూరి కాలు పెట్టాడు. బంతి పోస్ట్‌కీ అతనికీ మధ్యనుంచి లోపలికి పోయింది.

ఫస్ట్ పోస్ట్ డిఫెండర్ ఎప్పుడూ పోస్ట్‌కి ఒక అడుగు ముందు ఉండాలి. ఒంటిని సగం మూల వైపు, సగం మైదానం వైపు తెరిచి ఉంచాలి. ముందుకు కదిలి బంతిని కొట్టడం తేలిక, వెనక్కి నడుస్తూ కొట్టడం కష్టం. బంతి తన నెత్తి మీదుగా పోతే అది వెనకున్న ముగ్గురి పని. చిన్న బాక్స్ గీత మీద వరుసగా నిలబడేది ఆ ముగ్గురే.

45వ నిమిషంలో రిఫరీ ఒక నిమిషం నీళ్ల విరామం ఇచ్చారు. అక్కడే మూడు మాటలు చెప్పాం. ఒకటి, రిఫరీ చెయ్యి లేస్తే ముందుగా చూసినవాడు "చెయ్యి!" అని గట్టిగా అరవాలి. రెండు, కీపర్ బంతి పట్టగానే తన ఎడమ వైపుకి, ఉత్తరానికి నాలుగడుగులు నడవాలి. సమయం మించినా కార్నర్ గాలికి ఎదురు మూల నుంచే పడుతుంది. మరీ ఇబ్బందైతే బంతిని కాళ్ల దగ్గర వదిలి ఆడుకోవాలి, లెక్క అక్కడితో ఆగిపోతుంది. వదిలాక ఇంకొకరు తాకేదాకా మళ్లీ చేత్తో పట్టుకోకూడదన్నది మాత్రం గుర్తుండాలి. మూడు, గోల్ కిక్ పొడుగ్గా కొట్టడం ఆపాలి. ఎదురు గాలికి అది సెంటర్ దాకా కూడా పోకుండా వాళ్ల కాళ్ల దగ్గరే దిగుతోంది. 2019 నుంచి గోల్ కిక్ బాక్స్ దాటాల్సిన పని లేదు, తన్నగానే బంతి కదిలితే ఆటలో ఉన్నట్టే. మన స్టాపర్ బాక్స్ లోపలే అందుకోవచ్చు, ఎదుటివాళ్లు మాత్రం బంతి కదిలేదాకా బాక్స్ బయటే ఉండాలి. ఉత్తరం వైపు బ్యాక్‌కి ఇమ్మన్నాం. గోల్ ముందు నుంచి అడ్డంగా ఇవ్వొద్దని మరీ మరీ చెప్పాం.

ఆ తర్వాత వాళ్లకి వచ్చిన కార్నర్‌లలో ఒక్కటీ గోల్ కాలేదు. 58వ నిమిషంలో వచ్చింది అదే దక్షిణపు మూల నుంచి, అదే వంపుతో. ఈసారి 2వ నంబర్ ఒక అడుగు ముందుకు నిలబడి, మూలకేసి చూస్తూ, ఎగిరి తలతో సైడ్ లైన్ దాటేలా పంపాడు. ఈ రోజు మొత్తంలో మాకు అన్నిటికంటే ఎక్కువ ఆనందం కలిగించినది ఆ హెడరే.

థాంక్స్ చెప్పాల్సినవాళ్లు. గోల్ పడ్డాక తల దించకుండా 54వ నిమిషంలో కుడి పోస్ట్ దగ్గర చేతివేళ్లతో బంతిని బయటికి నెట్టిన మన కీపర్‌కి. ఎదురు గాలిలో సెకండ్ హాఫ్ అంతా పరిగెత్తిన 6, 8 నంబర్లకి. ఆఖరి పది నిమిషాల కోసం ఓపిగ్గా వేచి ఉండి, దిగగానే బంతిని టచ్ లైన్ దగ్గర కాపాడిన 14వ నంబర్‌కి. పొద్దున్నే సున్నం గీతలు గీసి నెట్‌లు కట్టిన గ్రౌండ్ అన్నయ్యకి, మజ్జిగ క్యాన్లు మోసుకొచ్చిన అమ్మానాన్నలకి, మ్యాచ్ అయ్యాక మన పిల్లలకి కొత్త రూల్ మళ్లీ ఓపిగ్గా వివరించిన రిఫరీ గారికి. గాజువాక పిల్లలు చివరిదాకా గట్టిగా, శుభ్రంగా ఆడారు. వాళ్ల సార్‌కి, వాళ్లకి కూడా.

తర్వాతి మ్యాచ్ వచ్చే ఆదివారం ఉదయం ఎనిమిదికి, పెందుర్తి జట్టుతో, వాళ్ల గ్రౌండ్‌లో. బస్సు స్కూల్ గేటు నుంచి ఆరుంబావుకి బయలుదేరుతుంది. షిన్ గార్డులు తప్పనిసరి, వాటిని మేజోళ్లు పూర్తిగా కప్పాలి, లేకపోతే రిఫరీ లోపలికి రానివ్వరు. పొద్దున్న ఎనిమిదికి సముద్రపు గాలి ఉండదు, పెందుర్తి తీరానికి దూరం కూడా. కాబట్టి టాస్‌లో గాలి లెక్క పక్కన పెట్టి, తూర్పున ఇంకా కిందనే ఉండే ఎండ ఎవరి కీపర్ కళ్లలో పడుతుందో చూసి గోల్ ఎంచుకోవాలి. గురువారం ప్రాక్టీస్‌లో అరగంట కార్నర్ డిఫెన్స్ మాత్రమే. 2వ నంబర్, ముగ్గురు స్టాపర్లు, ఇద్దరు కీపర్లు నాలుగున్నరకే రావాలి.