ఎర్రముక్కపల్లి ఇల్లు: ఫోటోల వరుస ఎక్కడికి వచ్చింది

కడపలో బంధువుల ఇళ్లు అమ్మకానికో అద్దెకో వచ్చినప్పుడు ఆన్‌లైన్ ప్రకటనకు ఫోటోలు తీసి, వరుస పెట్టి ఇవ్వడం నాకు ఇష్టమైన పని. ప్రస్తుతం చేతిలో ఉన్నది ఎర్రముక్కపల్లిలో చిన్నాయన వాళ్ల ఇల్లు. తూర్పు వాకిలి, రెండు పడక గదులు, కింద నల్లటి కడప బండల నేల, పైన డాబా. ఫోటోలు తీయడం అయిపోయింది. వాటిలో పద్నాలుగు ఉంచాను. ఎక్కువ సమయం తీసుకున్నది మాత్రం ఏది ముందు పెట్టాలన్నదే.

మొదటి ఫోటో దగ్గర మూడు పోటీ పడ్డాయి: ఇంటి ముందు భాగం, హాలు, వంటగది. వెతికేవాళ్లకు ఫోనులో మొదట కనిపించేది చిన్న బొమ్మ మాత్రమే. అందుకే మూడింటినీ గ్యాలరీలో చిన్న గడులుగా పెట్టి, ఫోను చేయి చాపినంత దూరంలో పట్టుకుని పిన్నికి ఒక్క క్షణం చూపించాను. హాలును వెంటనే గుర్తుపట్టింది. వంటగదిని ‘ఏదో నల్లగా ఉంది’ అంది. ముందు భాగం చూసి ‘కరెంటు తీగలు’ అంది. వీధిలో ఎదురుగా నిలబడి తీస్తే వెనక్కి జరగడానికి చోటు లేదు. గేటు, స్తంభం, తీగలే ఫోటోను నింపేశాయి.

ఆ లెక్కన హాలే గెలవాలి. కానీ చిన్నాయన ఒప్పుకోలేదు. “కొనేవాళ్లకు ముందు ఇల్లు కనిపించాలి కదమ్మా, హాలు చూస్తే అపార్ట్‌మెంట్ అనుకుంటారు” అన్నాడు. ఆ మాట నిజమే. అపార్ట్‌మెంట్ ఫ్లాటు అయితే భవనం బయటి ఫోటో అన్ని ఫ్లాట్లకూ ఒకటే. అది మొదట పెడితే ఆ ఫ్లాటు గురించి ఏమీ చెప్పదు, అక్కడ హాలే ముందుండాలి. సొంత స్థలంలో కట్టిన ఇంటికి మాత్రం వాకిలి, గేటు, చుట్టూ ఉన్న ఖాళీ, అన్నీ ధరలో భాగమే. అందుకని ముందు భాగాన్నే మొదట పెట్టాలని, అయితే అది చిన్న బొమ్మలోనూ ఇల్లుగా కనిపించేలా మళ్లీ తీయాలని తేల్చుకున్నాం.

స్తంభం ఆగ్నేయం వైపు ఉంది. ఉత్తరం పక్క ప్లాటు ఖాళీ. ఆ ప్లాటులో, ఇంటికి ఈశాన్యంగా కాస్త దూరంలో నిలబడితే తీగలు చట్రం అంచుకు వెళ్లిపోయాయి. తూర్పు ముఖంతో పాటు ఉత్తరం వైపు వదిలిన ఖాళీ కూడా ఒకే ఫోటోలో పడింది. మన దగ్గర కొనేవాళ్లు ఆ ఖాళీ గురించి తప్పకుండా అడుగుతారు. తూర్పు ముఖం ఇళ్లకు ఉదయం ఎండ నేరుగా గోడ మీద పడుతుంది కాబట్టి ఈ ఫోటో పొద్దున్నే తీయాలి. మధ్యాహ్నం దాటితే గోడ నీడలోకి వెళ్లి, వెనక ఆకాశం తెల్లగా వెలిగిపోతుంది. ఫోను అడ్డంగానే పట్టుకోవాలి. చాలా ప్రకటనల సైట్లు చిన్న బొమ్మ కోసం అంచులను కత్తిరిస్తాయి, నిలువు ఫోటో అయితే మేడ పైభాగమో గేటో పోతుంది. ఇంటిని మధ్యలో ఉంచి నాలుగు వైపులా కొంచెం చోటు వదిలాను.

రెండోది హాలు, మూడోది వంటగది. వంటగది నల్లగా కనిపించడానికి కారణం అరుగు, అరలు అన్నీ కడప బండలే కావడం. చట్రంలో నలుపు ఎక్కువైతే ఫోను తనంతట తానే వెలుగు పెంచేస్తుంది. కిటికీ తెల్లటి మచ్చగా మారి, బండ బూడిద రంగులోకి దిగిపోతుంది. కిటికీ పక్క గోడ మీద వేలు పెట్టి, వెలుగును అక్కడే స్థిరపరచి, కొద్దిగా తగ్గించాను. ట్యూబులైటు ఆపేశాను, లేకపోతే నున్నటి బండ మీద దాని తెల్లటి గీత పడుతుంది. ఫోను ఎత్తు నాలుగడుగులకు కాస్త పైన ఉంచితే అరుగు పైభాగం కనిపించింది. నలుపు నలుపుగానే ఉండి, అంచున కిటికీ వెలుతురు మెరిసింది. పిన్ని మళ్లీ చూసి ఈసారి ‘వంటిల్లు’ అంది.

నాలుగోది నైరుతిలో ఉన్న పెద్ద పడక గది. దానికి పడమటి కిటికీ ఉంది కాబట్టి సాయంత్రం తీశాను. ఐదోది డాబా. కంప్యూటర్‌లో చాలా ప్రకటనలు తెరవగానే ఒక పెద్ద ఫోటో, పక్కన కొన్ని చిన్నవి చూపిస్తాయి. మిగతావి చూడకుండా వెళ్లిపోయేవాళ్లకు కూడా ఈ ఐదింటితో ఇల్లు అర్థం కావాలి.

ఆరో ఫోటో నుంచి లెక్క మారుతుంది. అక్కడిదాకా వచ్చినవాళ్లు ఇంట్లో తిరుగుతున్నారు, కాబట్టి నడిచే వరుసే సరైనది: గేటు, వరండా, హాలు రెండో మూల నుంచి, వంటగది వెనక బోరు మోటారు, సంపు ఉన్న చోటు, చిన్న పడక గది, స్నానాల గదులు, చివర వీధి. ఇక్కడ నేను బాగా పట్టించుకునేది గదులను కలిపే ఫోటోలను. హాలు రెండో ఫోటోను వంటగది ద్వారం కనిపించే కోణంలో తీశాను. ద్వారం లోపల అదే నల్ల అరుగు చివర కొంచెం కనిపిస్తుంది. దాంతో చూసేవాళ్లకు ఏ గది పక్కన ఏ గది ఉందో మాటల్లో చెప్పనవసరం లేదు. ఈ ఇంట్లో రెండు పడక గదులకూ ఒకటే రంగు, ఒకే రకం మంచాలు. ఫోటోలు కలగలిస్తే ఒకే గదిని రెండుసార్లు పెట్టారనో, మూడు గదులున్నాయనో అనుకుంటారు. అందుకే చిన్న గది ఫోటోలో తలుపు తెరిచి హాలు కనిపించేలా ఉంచాను.

దేవుడి గదిని ముందు పెట్టమని పిన్ని కోరింది. పటాలు, కుటుంబ ఫోటోలు బయటివాళ్లకు చూపడం నాకు ఇష్టం లేక, తలుపులు మూసి హాలు ఫోటోలో ఒక పక్కగా వచ్చేలా చూశాను. స్నానాల గది ఫోటో మాత్రం అందంగా లేకపోయినా తీసేయకూడదు. అది లేకపోతే ఏదో దాస్తున్నారనే అనుమానం వస్తుంది.

ఒక చిన్న పనిలో జాగ్రత్తగా ఉండాలి. ఫోటోలన్నీ ఒకేసారి ఎక్కిస్తే వరుస తారుమారు కావచ్చు. `01_front.jpg`, `02_hall.jpg` అని పేర్లు మార్చి, ఎక్కించాక మళ్లీ సరిచూసి, కవర్ ఫోటోను విడిగా ఎంచుకోవాలి. ఫోటోలు ఎవరికైనా వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపితే నాణ్యత తగ్గదు.

ప్రకటన ఇప్పుడు నడుస్తోంది. చూసినవాళ్లే తక్కువైతే మొదటి ఫోటో మార్చి చూస్తాను. చూసేవాళ్లు ఉండి ఫోన్లు రాకపోతే రెండు నుంచి ఐదు వరకు, లేదా ధర చూసుకోవాలి. ఒకసారికి ఒకటే మార్చి వారం వదలాలి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. కొత్త ప్రకటనలను సైట్లు మొదట్లో పైన చూపిస్తాయి కాబట్టి తొలి రోజుల సంఖ్యను నేను లెక్కలోకి తీసుకోను.

చిన్నాయనకు వస్తున్న ఫోన్లలో గదుల గురించి ఎవరూ అడగడం లేదు. అడుగుతున్నదల్లా వీధి వెడల్పు, కారు తిరుగుతుందా అని. అందుకే ఈ వారం, చివర ఉన్న వీధి ఫోటోను గేటు ముందు కారు నిలిపి మళ్లీ తీసి, ఆరో స్థానానికి తెచ్చాను.