డబ్బింగ్ లాగ్: ఒక్క డైలాగ్, ఇరవై ఏడు టేకులు

పదకొండు నిమిషాల హిందీ షార్ట్ ఫిల్మ్. తీసింది స్నేహితుడే, తెలుగు చేయడానికి ఒప్పుకున్నాడు. వైడ్ షాట్లు, వెనక నుంచి తీసిన షాట్లు, ఫోన్ సీను రెండు సాయంత్రాల్లో అయిపోయాయి. మిగిలింది ఆరో నిమిషంలో ఒక్క క్లోజప్. అది నా నాలుగు ఆదివారాలు తినేసింది.

హీరో గడపలో నిలబడి "మై అబ్ వాపస్ నహీ ఆఊంగా" అంటాడు. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఆ మాట సరిగ్గా 46 ఫ్రేములు, అంటే 1.84 సెకన్లు. ఫ్రేము ఫ్రేముగా జరిపి చూసి పెదవులు మూసుకునే చోట్లు రాసుకున్నాను. మొదట్లో 'మై' ఉంది కానీ దానితో ఇబ్బంది లేదు. ఎవరైనా మూసిన నోటితోనే మాట మొదలుపెడతారు కదా. అసలు చిక్కు 9వ ఫ్రేములో 'అబ్', 20వ ఫ్రేములో 'వాపస్'. చివరన 'గా' దగ్గర నోరు బాగా తెరుచుకుని అలాగే ఆగుతుంది.

మొదట రాసింది "నేనిక తిరిగి రాను". అర్థం చక్కగా ఉంది, పొడవూ సరిపోయింది. కానీ అందులో ప, బ, మ ఒక్కటీ లేవు. తెర మీద పెదవులు రెండుసార్లు గట్టిగా కలుస్తుంటే గొంతు మాత్రం ఆగకుండా పోతోంది. చివర 'ను' దగ్గర పెదవులు గుండ్రం కావాలి, అక్కడేమో నోరు బార్లా తెరిచి ఉంది. 'తిరిగి'కి బదులు 'ఎన్నడూ' పెట్టినా అదే తంతు.

తర్వాత "మళ్ళిప్పుడు వాపస్ రానుగా" అని రాశాను. పెదవులు అచ్చంగా అతికాయి! సంబరపడి ప్లే చేస్తే గొంతు ఇచ్చిన మా మేనల్లుడు నవ్వాడు. "మామా, గిది టీ కొట్టుకాడ మాట లెక్కున్నది. ఇల్లిడిచి పోయెటోడు 'గా' అంటడా?" నిజమే. ఆ 'గా' కోపాన్ని ముచ్చటగా మార్చేసింది. పెదవులు కలిసినంత మాత్రాన సీను కలవదు.

దారి చూపించింది మన మాటే. 'ఎప్పుడు'ను నల్గొండలో మేం వేగంగా 'ఎప్డు' అనేస్తాం, 'ఇక'ను 'ఇగ' అంటాం. "నేనెప్డు వాపస్ రాను... ఇగ." 'ఎప్డు'లో ప 9వ ఫ్రేముకు, 'వాపస్'లో ప 20వ ఫ్రేముకు, చివర 'గ' తెరిచిన నోటికి. వాపస్ అనే మాట మా దగ్గర రోజూ వాడేదే. డబ్బింగ్ అనగానే దాన్ని 'తిరిగి'గా మార్చేవాళ్ళంటే నాకు పడదు.

ఇంతా చేసి రికార్డు చేస్తే ఇంకా ఏదో తేడా. ఒక గంట మాటనే అనుమానించాను. చివరికి వేవ్‌ఫామ్ చూస్తే 'వాపస్' ప 18వ ఫ్రేములోనే వచ్చేస్తోంది, 80 మిల్లీసెకన్లు ముందు. శబ్దం పెదవుల కంటే ముందొస్తే దాదాపు 45 మిల్లీసెకన్లకే మనకు తెలిసిపోతుంది. వెనకబడితే మాత్రం 125 దాకా పట్టించుకోం. అందుకే 'ఎప్డు' తర్వాత మూడు ఫ్రేముల నిశ్శబ్దం పెట్టి, ప ను 21కి జరిపాను. ఒక ఫ్రేము వెనక, కంటికి ఆనలేదు.

డైలాగ్ చివర పొడవు తగ్గింది కదా అని రీపర్ అనే ఆడియో ఎడిటర్‌లో 'రాను'ను 12 శాతం సాగదీస్తే పాత క్యాసెట్ లాగా మోగింది. నా చెవికి ఆరు శాతం దాటితే గొంతు పాడైనట్టే. అందుకే మళ్ళీ చెప్పించాం. (రోడ్డు మీద లారీలు ఆగేదాకా, ఫ్యాన్ ఆపేసి, దుప్పట్ల మధ్య ఉడికిపోతూ.) 27వ టేకులో 'రా' తనంతట తనే సాగింది.

సబ్‌టైటిల్ వేరే ఫైలు. హిందీ ఆడియోతో చూసేవాళ్ళకు అందులో యాస అక్కర్లేదు, పెదవుల గొడవ లేదు:

```
41
00:06:12,240 --> 00:06:14,600
ఇక నేను తిరిగి రాను.
```

మాట 14,080కే అయిపోతుంది. తర్వాత మౌనమే కాబట్టి చదవడానికి 13 ఫ్రేములు వదిలాను. ఒక్క జాగ్రత్త: సబ్‌టైటిల్ ఎడిటర్ చూపించే సెకనుకు ఇన్ని అక్షరాలనే లెక్కను తెలుగులో నమ్మి లైన్లు కోసేయకండి. గుణింతాన్నీ పొల్లునూ విడివిడిగా, ఖాళీలూ చుక్కా కలిపి లెక్కపెడితే ఈ లైనులో 20 వస్తాయి, కంటికి కనిపించేవి తొమ్మిది అక్షరాలే. 'స్త్రీ' ఒక్కటే ఆరు. లెక్క దాటిందని ఎడిటర్ చూపించే ఎర్ర రంగుకు భయపడి మొదట్లో మంచి లైన్లు చాలా పాడుచేశాను.

వచ్చే ఆదివారం తల్లీకొడుకుల గొడవ. ఇద్దరూ ఒకరి మీద ఒకరు మాట్లాడతారు, వెనక ప్రెషర్ కుక్కర్ విజిల్. మాటలు తీసేస్తే విజిల్ కూడా పోతోంది. మాటల్లేని ఆడియో ఉందేమోనని సినిమా తీసిన స్నేహితుణ్ణి అడిగాను, లేదంటే మా వంటింట్లో కుక్కర్ పెట్టాల్సిందే.