హామర్ అనుకొని కొన్నది హ్యాంగింగ్ మ్యాన్ అయింది: నా అనుభవం

డీమ్యాట్ ఖాతా రెండు రోజుల్లో తెరిచారు. ఛార్టులో షేరు ఒక్కో రోజు ధరలను చూపే క్యాండిల్‌ను చదవడం వారంలో వచ్చింది: ఓపెన్, క్లోజ్ ధరల మధ్య భాగం బాడీ, దానికి పైనా కిందా ఉన్న సన్నని గీతలు నీడలు. నలభై మంది ముందు నన్ను తలదించుకునేలా చేసింది మాత్రం ఒకే ఒక్క క్యాండిల్. అందుకే దాని సంగతి వివరంగా రాస్తున్నాను.

నేను ఫీజు కట్టి చేరిన శిక్షణ కేంద్రంలో ఆకారాలు అచ్చువేసిన ఒక పెద్ద కాగితం ఇచ్చారు. అందులో హామర్ బొమ్మ పక్కన ‘కొనండి’ అని ఉంది. చిన్న బాడీ పైభాగాన ఉండాలి, కింది నీడ బాడీకి కనీసం రెండింతలు ఉండాలి, పై నీడ దాదాపు ఉండకూడదు. ఈ మూడూ నేను కంఠస్థం చేశాను. బొమ్మకు ఎడమవైపు ఖాళీగా ఉంది. ఆ ఖాళీయే నన్ను ముంచింది.

ఐదు వారాల్లో 410 నుంచి 486 దాకా పెరిగిన ఒక షేరులో ఒకరోజు అచ్చం అదే ఆకారం కనిపించింది. ఓపెన్ 485, హై 486, లో 470, క్లోజ్ 481. బాడీ నాలుగు రూపాయలు, కింది నీడ పదకొండు, పై నీడ ఒక్కటి. మర్నాడు ఉదయం 483 దగ్గర రెండు వందల షేర్లు కొన్నాను. ఆ సాయంత్రం అది 476 దగ్గర ముగిసింది. అయినా హామర్ కనిష్ఠ ధర 470 నిలిచే ఉందన్న ధైర్యంతో అట్టే పెట్టుకున్నాను. మూడో రోజు ఏకంగా 466 దగ్గర తెరుచుకుంది. 461కి అమ్మేసరికి 4,400 రూపాయలు పోయాయి.

ఎక్కడ తప్పిందో తెలుసుకుందామని ఆ ఛార్టు తరగతిలో చూపించాను. శిక్షకుడు దానివైపు సరిగా చూడనైనా లేదు. “మీకు క్రమశిక్షణ లేదు, ఇది మీవంటివారికి పనికిరాదు” అని అందరూ వింటుండగా అన్నాడు. ఎవరో నవ్వారు. ముందు వరుసలో కూర్చున్న నేను ఆ గంటంతా పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఫీజు తీసుకొని సగం పాఠం చెప్పి, తప్పు విద్యార్థి స్వభావానిదని తేల్చేవారి దగ్గర ఎవరూ చేరవద్దని నా మనవి.

పాఠంలో మిగిలిన సగం గుంటూరులో ఒక బ్రోకర్ కార్యాలయంలో చాలాకాలంగా డీలరుగా ఉన్న పెద్దాయన చెప్పారు. ఆయన నా ఛార్టు కాగితం మీద నోటుబుక్కు పెట్టి, ఆ ఒక్క క్యాండిల్ మాత్రమే కనపడేలా మూశారు.

“ఇదేమిటి బాబూ?”

“హామరండి.”

“ఇప్పుడే చెప్పకూడదు. ఎడమవైపు చూశాక చెప్పాలి” అంటూ నోటుబుక్కు తీశారు. కొండ ఎక్కినట్టున్న ఐదు వారాల పెరుగుదల చివర ఆ క్యాండిల్ వేలాడుతోంది.

హామర్‌కు జపాను వారి పేరు ‘తకురి’ అట. నీటి అడుగును తడిమి లోతు చూడడమని దాని భావం. ధర చాలా రోజులు పడి, ఆ రోజు ఇంకా కిందికి తోసినా అమ్మేవారు అలసిపోయి, కొనేవారు పైకి లాగితేనే అడుగు తగిలిందనవచ్చు. పెరుగుతున్న ధరకు తడమడానికి అడుగెక్కడ ఉంది? అక్కడ అదే ఆకారం పేరు హ్యాంగింగ్ మ్యాన్, అదే పొడవు నీడ మరో కబురు చెబుతుంది. ఇన్నాళ్లూ కనపడని అమ్మకాలు ఒక్కసారిగా బయటపడ్డాయి, ధరను పదిహేను రూపాయలు కిందికి లాగగలిగాయి. ఆ రోజు తిరిగి లేచినా, పై ధరలకు కొన్నవారు శిఖరం మీద నిలబడి ఉన్నారు. మర్నాడు ధర ఆ బాడీకి కింద ముగిస్తే వారందరూ నష్టంలో వేలాడతారు, భయపడి అమ్ముతారు. నా 476 సరిగ్గా అదే: 481కి కింద ముగిసిన రోజే హ్యాంగింగ్ మ్యాన్ ఖాయమైంది, నేను బయటికి రావలసిన రోజూ అదే. అలా ముగియకపోతే దాన్ని హెచ్చరికగానే ఉంచుకోవాలని, బలమైన పెరుగుదల దాన్ని దాటి సాగిపోవడం మామూలేనని కూడా ఆయన చెప్పారు. బాడీ ఎరుపా ఆకుపచ్చా అన్నది రెండో మాట.

కొన్ని నెలలకు అదే షేరు 450 నుంచి పడుతూ వచ్చి ఓపెన్ 392, లో 378, క్లోజ్ 396, హై 397తో ఒక క్యాండిల్ వేసింది. ఈసారి వెంటనే కొనలేదు. మర్నాడు 397 దాటి 401 దగ్గర ముగుస్తుండగా కొన్నాను. ధర అక్కడికి పడితే అమ్ముడుపోయేలా 378 కింద పెట్టిన స్టాప్‌లాస్ ఇరవై మూడు రూపాయలకు పైగా దూరం కాబట్టి వంద షేర్లతోనే సరిపెట్టుకున్నాను. 428కి అమ్మాను.

గత వారం అది 420కీ 430కీ మధ్య ఎటూ కదలకుండా ఉండగా అదే ఆకారం మళ్లీ వచ్చింది. ఎడమవైపు పడిందీ లేదు, పెరిగిందీ లేదు. దానికి ఏ పేరూ పెట్టకుండా వదిలేశాను.