జూన్‌లో ముప్పై ఒకటో రోజు ఎక్కడినుంచి వచ్చింది?

దేవరకొండ వైపు పాలకేంద్రాలున్న ఒక డెయిరీలో రిపోర్టుల పని నాది. జూన్ లెక్క నిన్నటికి తేలింది, మనసు కుదుటపడింది.

జూన్ 15 దాకా లీటరుకు 42 రూపాయలు, 16 నుంచి 44. రోజుకు పది లీటర్లు పోసే పెద్దాయనకు పదిహేను రోజులకో బిల్లు: 6,300 ఒకటి, 6,600 ఇంకోటి, మొత్తం 12,900. ఆగస్టులో నేను తీసిన రిపోర్టులో మాత్రం 13,200 ఉంది.

మేనేజర్ కేంద్రం నడిపే పిల్లగాణ్ణి పిలిపించి, అందరి ముందే "మూడొందలు యాడికి పోయినయ్?" అని నిలదీశాడు. ఆ పెద్దాయనే అంగీ జేబులోంచి మడతలు పడ్డ రెండు చీటీలు తీసి బల్ల మీద పెట్టాడు. "నాకు ముట్టేది ముట్టింది సారూ, గా పిలగాన్ని అనకుండ్రి." నా కాగితం వల్ల ఓ నిజాయితీపరుడు దొంగలా నిలబడ్డాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

కారణం చిన్నదే. రేటు టేబుల్లో కేంద్రానికి ఒకటే వరుస. కొత్త రేటు వస్తే పాతది చెరిగిపోతుంది. నెల మొత్తానికీ 44 పడింది.

సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు ఫోన్లో "నెలాఖరు స్నాప్‌షాట్ పెట్టుకోండి" అని చేతులు దులుపుకున్నారు. జూన్ 30 బ్యాకప్ తెరిచి చూశాను, మళ్లీ 13,200. ఆ రోజు రేటు 44 కదా! నెల మధ్యలో మారింది నెలాఖరు ఫోటోలో ఎట్లా కనబడుతుంది? రోజూ ఒక ఫోటో తీస్తే సరిపోతుంది గానీ, ఏడాదికి రెండు మూడుసార్లు మారే రేటుకు అన్ని వరుసలు దండగ.

అందుకే హిస్టరీ టేబుల్ కట్టాను. ఫైల్లోని పాత సర్క్యులర్లు చూసి ప్రతి రేటుకూ మొదలు తేదీ, ముగింపు తేదీ రాశాను. పాత రేటు ముగింపు జూన్ 16, కొత్తదాని మొదలూ జూన్ 16. BETWEEN వాడితే 13,320 వచ్చింది! డబ్బులు పక్కన పెట్టి లీటర్లు కూడితే దొరికింది: 300 ఉండాల్సినచోట 310. BETWEEN రెండు చివరలనూ కలుపుకుంటుంది కాబట్టి పదహారో తారీఖు పాలకు రెండు రేట్లూ తగిలాయి. ముగింపు తేదీని బయట పెట్టాలి:

```sql
ON  r.centre_id = p.centre_id
AND p.pour_date >= r.valid_from
AND p.pour_date <  r.valid_to
```

ఇప్పుడు నడుస్తున్న రేటుకు `valid_to` ఖాళీగా వదిలితే ఆ వరుస అసలు కలవదు. అక్కడ 9999-12-31 వేశాను. లెక్క 12,900కు వచ్చింది. ఆ కాగితం నేనే తీసుకెళ్లి ఆ పిల్లగాని చేతికిచ్చాను.

అట్లాగని స్నాప్‌షాట్‌ను తీసేయలేదు. ఒక కేంద్రానికి రేటు పెంపును వెనకటి తేదీనుంచి ఇచ్చారు. హిస్టరీ దిద్దగానే, అప్పటికే బోర్డుకు పంపిన మొత్తం మారిపోయింది. అందుకే నెల మూసినరోజు పంపిన అంకెలను, తీసిన తేదీతో సహా వేరే టేబుల్లో దాస్తున్నాను, దాన్ని ఎవరూ దిద్దరు. రిపోర్టులో రెండు అంకెలూ పక్కపక్కన వస్తాయి. వాటి మధ్య తేడా ఎంతో, ఆ కేంద్రం రైతులకు మేమింకా ఇవ్వాల్సిన బకాయి అంత.