ఒక్క ప్రశ్నార్థకం

రాత్రి 11:40కి స్నేహితురాలి మెసేజ్: "?". అంతే.

"ఏంటే, పొరపాటున నొక్కావా?" అని టైప్ చేసి చెరిపేశాను. అలా అడిగితే "అవును, సారీ" అని తప్పుకునే దారి నేనే చూపించినట్టు. "ఇక్కడే ఉన్నా. క్షేమమేనా? 1 అవును, 2 కాదు, 3 తెలీదు. అంకె చాలు. 5 నిమిషాల్లో రాకపోతే కాల్ చేస్తా" అని పంపాను.

"3" వచ్చింది. వాక్యం కూడగట్టుకోలేని మనిషి అంకె నొక్కగలదు.

సూటిగా అడిగాను: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు (ఒకప్పుడు నేనూ పుడుతుందనే భయపడ్డాను).

"ఊఁ. ఏం చేసుకోలేదు."

"ఒంటరిగా ఉన్నావా?"

"అక్క పక్క గదిలో."

"కాల్ చేస్తున్నా. మాట్లాడక్కర్లేదు."

చాలాసేపు ఊపిరి చప్పుడే. తర్వాత తలుపు కొట్టిన శబ్దం, "అక్కా" అని పిలుపు వినిపించాయి.